కళ్లజోడు పెట్టుకున్న డూప్: మార్చిన ముఖానికి ఫేస్ పార్సింగ్‌తో మాస్క్ తయారుచేసిన తీరు

హైదరాబాద్‌లో కంపోజిటింగ్ నేర్చుకునే ఒక బృందానికి అభ్యాసంగా ఇచ్చిన షాట్ ఇది. పాత భవనం మెట్ల మీదుగా కథానాయకుడు పరుగెత్తుకుంటూ పైకి వస్తాడు, మలుపు దగ్గర తల పక్కకు తిప్పి కిందికి చూస్తాడు, చివర్లో చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటాడు. పరుగెత్తినవాడు డూప్. అతని ముఖం స్థానంలో నటుడి ముఖం రావాలి. షాట్ నిడివి ఆరు సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 144 ఫ్రేములు. ముఖం మార్చడానికి నటుడూ డూపూ ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. వాడిన ముఖమార్పిడి మోడల్ `inswapper_128`. దాన్నీ, ఇక్కడ మాట్లాడబోయే పార్సింగ్ మోడల్‌కు శిక్షణనిచ్చిన డేటానూ పరిశోధనకూ వ్యాపారేతర అవసరాలకూ మాత్రమే విడుదల చేశారు కనుక, విడుదలయ్యే సినిమాకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడకూడదన్న సంగతి మొదటే తేల్చుకున్నాం.

షాట్‌లోని చిక్కులన్నీ ముఖం చుట్టూనే ఉన్నాయి. డూప్ మందపాటి నల్ల అంచున్న కళ్లజోడు పెట్టుకున్నాడు. గాలికి ముంగురులు నుదుటి మీద పడి లేస్తూ ఉంటాయి. తల తిప్పినప్పుడు చెవి పూర్తిగా కనిపిస్తుంది. ముఖం మార్చే మోడల్ చతురస్రాకారపు ముక్కనొకదాన్ని ఇస్తుంది. ఆ ముక్కలో ఏ భాగాన్ని అసలు ఫ్రేము మీద అతికించాలో, ఏ భాగాన్ని వదిలేయాలో చెప్పే మాస్క్‌ను మనమే ఇవ్వాలి. ఆ మాస్క్ నుంచి కళ్లజోడునూ ముంగురులనూ చెవులనూ తీసేయాలన్నది మాకు అందిన సూచన. అండాకారపు మాస్క్ మెత్తని అంచులతో పెడితే ముంగురుల మీద మసక చర్మం వస్తుంది, కళ్లజోడు అంచు వంకర పోతుంది. కళ్లు, ముక్కు, దవడ ఎక్కడున్నాయో చూపే ముఖం గుర్తుల చుట్టూ బహుభుజి గీసినా ఇదే తంతు, ఎందుకంటే ఆ గుర్తులకు వెంట్రుకల సంగతి తెలియదు. అందుకే ప్రతి పిక్సెల్ చర్మమా, జుట్టా, జోడా అని చెప్పే ఫేస్ పార్సింగ్‌ను ఆశ్రయించాం.

పార్సర్ ఏమి చూసి నేర్చుకుంది

విస్తృతంగా దొరికే ఫేస్ పార్సర్ బైసెనెట్ అనే నెట్‌వర్క్‌ను సెలెబ్ఏమాస్క్-హెచ్‌క్యూ అనే డేటాతో శిక్షణనిచ్చి తయారుచేసినది. ఆ డేటాలో 30,000 ముఖచిత్రాలున్నాయి. ప్రతి చిత్రానికీ 512 పిక్సెళ్ల కొలతలో మనుషులు గీసిన మాస్కులున్నాయి. నేపథ్యాన్ని కలుపుకొని మొత్తం 19 లేబుళ్లు. సున్నా నేపథ్యం, 1 చర్మం, 2, 3 కనుబొమలు, 4, 5 కళ్లు, 6 కళ్లజోడు, 7, 8 చెవులు, 9 చెవిపోగు, 10 ముక్కు, 11 నోటి లోపలి భాగం, 12, 13 పెదవులు, 14 మెడ, 15 మెడలోని నగ, 16 బట్టలు, 17 జుట్టు, 18 టోపీ. ఈ వరుస బాగా వాడుకలో ఉన్న పైటార్చ్ కోడ్‌లోనిది. వేరే కోడ్ తీసుకుంటే వరుస మారవచ్చు కాబట్టి ముందుగా ఒక ఫ్రేము మీద రంగులు వేసి చూసుకోవడం మంచిది.

ఈ జాబితాను చూడగానే, ఉంచాల్సిన లేబుళ్లను ఒకవైపు, తీసేయాల్సినవాటిని మరోవైపు రాసేసి పని అయిపోయిందనుకోవాలనిపిస్తుంది. చాలామంది వాడే సిద్ధ పరికరాలు చేసేదీ అదే. అయితే పార్సర్ జవాబిచ్చే ప్రశ్న వేరు, మాస్క్‌కు కావలసిన జవాబు వేరు. ఈ పిక్సెల్ ఏ వస్తువుకు చెందుతుంది అన్నది పార్సర్ ప్రశ్న. మాస్క్‌కు కావలసినవి రెండు జవాబులు: మార్చిన ముఖం ఎక్కడ ముగియాలి, ఆ ముఖానికి కెమెరాకూ మధ్య ఏమి అడ్డుగా ఉంది. చెవి మొదటి ప్రశ్నకు సంబంధించినది, ముంగురులు రెండోదానికి, కళ్లజోడు రెండోదానికే అయినా దాని అద్దం గుండా ముఖం కనిపిస్తూనే ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి "తీసివేత" అని రాస్తే మూడు రకాల లోపాలు వస్తాయి. ఈ షాట్‌లో చేసిన పని దాదాపు అంతా ఈ తేడాను గౌరవించడమే.

ముందుగా, సరైన ముక్క కోయడం

పార్సర్‌కు ఏ ముక్కను ఇస్తున్నామన్నది ఫలితాన్ని ఎంత మారుస్తుందో చాలామంది పట్టించుకోరు. ముఖం మార్చే మోడల్ వాడే ముక్క బిగుతుగా ఉంటుంది. అందులో రెండు కళ్ల మధ్య దూరం ముక్క వెడల్పులో సుమారు 27.5 శాతం. నుదురు పైభాగం అంచుకు ఆనుతుంది, తల తిప్పితే చెవి అంచున తెగిపోతుంది. పార్సర్ నేర్చుకున్న చిత్రాలు అలాంటివి కావు. వాటిలో తల మొత్తం, జుట్టు, కొంత మెడ కనిపిస్తాయి. కళ్ల మధ్య దూరం వెడల్పులో దాదాపు నాలుగో వంతే. బిగుతు ముక్కను 512కు పెంచి పార్సర్‌కు ఇస్తే, తెగిన చెవిని అది చర్మమనో నేపథ్యమనో అంటుంది, అంచున పడిన జుట్టును ఒక్కో ఫ్రేములో ఒక్కోలా చదువుతుంది. తప్పు పార్సర్‌ది కాదు, అది ఎన్నడూ చూడని కొలతలో చిత్రం ఇవ్వడంలోనే ఉంది.

కాబట్టి ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు కోశాం. ముఖమార్పిడికి దాని బిగుతు ముక్క, పార్సర్‌కు 512 కొలతలో కళ్ల మధ్య సుమారు 126 పిక్సెళ్లు వచ్చే వదులైన ముక్క. మన షాట్‌లో డూప్ కళ్ల మధ్య దూరం 105 పిక్సెళ్ల దగ్గర ఉంది కాబట్టి వదులైన ముక్క అసలు ఫ్రేములో సుమారు 427 పిక్సెళ్ల మేర ఆక్రమించింది, అంటే పార్సర్ చూసినది 1.2 రెట్లు పెంచిన చిత్రం. ఈ నిష్పత్తి గుర్తుంచుకోవాలి. ముక్కలో ఆరు పిక్సెళ్లున్నది ఫ్రేములో ఐదు అవుతుంది, మాస్క్ అంచును ఎంత మెత్తన చేయాలో చెప్పే ఫెదర్ కొలతలన్నీ దీన్ని బట్టే పెట్టుకోవాలి.

పార్సింగ్ చేయాల్సింది అసలు డూప్ ముఖాన్నే, మార్చిన తర్వాత వచ్చిన ముఖాన్ని కాదు. ముంగురులూ జోడూ చెవీ ఉన్నది అసలు ఫ్రేములోనే. మార్చిన ముఖంలో 128 పిక్సెళ్లకు కుదించి మళ్లీ పెంచిన వాటి మసక నీడలు మాత్రమే ఉంటాయి. మార్చిన ముఖాన్ని కూడా పార్స్ చేసి రెండింటి ఉమ్మడి భాగాన్ని తీసుకోమని కొందరు సలహా ఇస్తారు. నోరు బాగా తెరిచిన ఫ్రేములలో దవడ ఎంత దిగిందో పోల్చి చూడడానికి అది పనికొచ్చింది తప్ప, మాస్క్‌లోకి దాన్ని తీసుకురాలేదు. మసక చిత్రం మీద పార్సర్ చెప్పే మాటను నమ్మడానికి నాకు కారణం కనిపించలేదు.

లేబుల్ కాదు, సంభావ్యత

నెట్‌వర్క్ ప్రతి పిక్సెల్‌కూ 19 అంకెలిస్తుంది. మామూలుగా వాటిలో పెద్దదాన్ని ఎంచుకుని లేబుల్ పటం తయారుచేస్తారు. ఆ పటాన్ని ఫ్రేములోకి తిరిగి వంచేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. ఓపెన్‌సీవీలో `cv2.resize`, `cv2.warpAffine` రెండూ మనమేమీ చెప్పకపోతే పక్క పిక్సెళ్ల సగటు తీస్తాయి. చర్మం 1, జుట్టు 17. వాటి సగటు 9. అంటే నుదుటికీ జుట్టుకూ మధ్య అంచు పొడవునా చెవిపోగులు మొలుస్తాయి! మొదటిసారి చూసినవాళ్లు మోడల్ పాడైందనుకుంటారు. దగ్గరి పిక్సెల్‌ను మాత్రమే తీసుకునే `INTER_NEAREST` పెడితే ఈ చెవిపోగులు పోతాయి గానీ అంచు మెట్లు మెట్లుగా వస్తుంది.

మేము లేబుల్ పటాన్ని అసలు తయారుచేయలేదు. ఆ అంకెలను సంభావ్యతలుగా మార్చే సాఫ్ట్‌మాక్స్ తర్వాత వచ్చే విలువలనే కూడుకున్నాం. అవి సున్నాకూ ఒకటికీ మధ్య నిరంతరంగా ఉండే విలువలు కాబట్టి సగటు తీసినా అర్థం చెడదు.

```python
KEEP  = [1, 2, 3, 4, 5, 10, 11, 12, 13]
BLOCK = [7, 8, 9, 17, 18]

p = torch.softmax(net(x)[0], dim=1)[0]
face  = p[KEEP].sum(0)
block = p[BLOCK].sum(0)
glass = p[6]
```

ఇక్కడ `face` అనేది నటుడి ముఖం రావలసిన చోటు, `block` అనేది ఎట్టి పరిస్థితిలోనూ డూప్‌దే ఉండాల్సిన చోటు. కళ్లజోడును ఈ రెండింటిలో దేనిలోనూ వేయలేదు. ఎందుకో చెప్పాలంటే కొంత వివరంగా మాట్లాడుకోవాలి.

కళ్లజోడు సంగతి

కళ్లజోడును తీసేయాలన్న సూచనను అక్షరాలా పాటిస్తే ఈ షాట్ పనికిరాకుండా పోతుంది. ఎలాగంటే, ఆ డేటాలో కళ్లజోడు మాస్క్ అంటే అంచు ఒక్కటే కాదు, అద్దం కూడా. ఒక్కో భాగానికి విడిగా గీసిన మాస్కులను కలిపి ఒకే పటం చేసేటప్పుడు వరుసలో తర్వాత వచ్చేది ముందరిదాన్ని కప్పేస్తుంది. కళ్లజోడు ఆరో లేబుల్, కళ్లు నాలుగూ ఐదూ. కాబట్టి జోడు పెట్టుకున్న ముఖంలో కళ్ల లేబుల్ జోడు కింద మాయమవుతుంది, నెట్‌వర్క్ నేర్చుకున్నదీ అదే. మన డూప్ ఫ్రేములో కళ్లజోడు లేబుల్ అయిన `eye_g` పటాన్ని తెరిచి చూస్తే రెండు పెద్ద గుండ్రని తెల్లని మచ్చలు, వాటి మధ్య సన్నని వంతెన కనిపించాయి. వాటిని మాస్క్ నుంచి తీసేస్తే మిగిలేది నటుడి చెంపలూ ముక్కూ నోరూ, డూప్ కళ్లూ. మనిషిని గుర్తుపట్టేది కళ్ల దగ్గరే కదా. ఫలితం ఎవరిలా ఉందో చెప్పలేని మూడో మనిషి ముఖం. ఈ లోపం ఒక్క ఫ్రేమును చూస్తే దొరకదు, అతుకు ఎక్కడా కనిపించదు కాబట్టి. నటుడి ఫోటో పక్కన పెట్టి చూస్తేనే "పోలిక రాలేదు" అనిపిస్తుంది, అప్పుడు చాలామంది తప్పును ముఖమార్పిడి మోడల్ మీదికి నెడతారు.

దీనికి వ్యతిరేకంగా, కళ్లజోడును పూర్తిగా ముఖంలో కలిపేస్తే పోలిక వస్తుంది. `inswapper_128` ఎదుటి ముఖం మీదున్న జోడును చాలావరకు నిలుపుతుంది కూడా. కానీ 128 పిక్సెళ్లలో ఆ అంచు వెడల్పు రెండు పిక్సెళ్లకు దగ్గరగా కుదించుకుపోతుంది. పెంచి తిరిగి అతికిస్తే మసకగా, అలలుగా, ఫ్రేము ఫ్రేముకూ కదులుతూ ఉంటుంది. గట్టి వస్తువు కదిలితే కన్ను వెంటనే పట్టేస్తుంది.

కావలసింది అద్దం లోపలి భాగం నటుడిది, అంచు డూప్‌ది. జోడు సంభావ్యతలో రెండింటికీ తేడా లేదు కాబట్టి మరో ఆధారం కావాలి. ఈ జోడు అంచు నలుపు, చుట్టూ చర్మం, మందం ముక్కలో ఆరు పిక్సెళ్లు. చుట్టుపక్కల కంటే ముదురుగా, సన్నగా ఉన్నవాటిని వెతికే బ్లాక్‌హ్యాట్ అనే క్రియ ఇందుకు సరిపోతుంది. వెతికే ఆకారం అంచు మందం కన్నా పెద్దదిగా ఉండాలి, లేకపోతే అంచును వదిలేస్తుంది.

```python
k = cv2.getStructuringElement(cv2.MORPH_ELLIPSE, (15, 15))
dark = cv2.morphologyEx(gray, cv2.MORPH_BLACKHAT, k)
```

అయితే కనుబొమా కనురెప్పలూ కంటిపాపా కూడా ముదురువే, సన్నవే. అందుకని `dark` ను మొత్తం జోడులో కాకుండా, జోడు మచ్చ అంచు వెంబడి సుమారు పది పిక్సెళ్ల పట్టీలోనే లెక్కలోకి తీసుకున్నాం. జోడు మచ్చను కొంత కోసి, కోసినదాన్ని అసలు మచ్చ నుంచి తీసేస్తే ఆ పట్టీ వస్తుంది. ముక్కు మీది వంతెనను విడిగా చేర్చాం. కింది అంచూ పక్క అంచులూ శుభ్రంగా వచ్చాయి.

పై అంచు రాలేదు. డూప్ కనుబొమ సరిగ్గా జోడు పై అంచు వెనకే ఉంది. పట్టీలో అంచుతోపాటు కనుబొమ కూడా దొరికింది. దాని ఫలితంగా నటుడి కనుబొమ మార్చిన ముఖంలో ఒక చోట, డూప్ కనుబొమ ముక్కలు మరికాస్త పైన, రెండు వరుసల కనుబొమలు కనిపించాయి. ముఖమార్పిడి పనుల్లో ఇది పాత జబ్బే. ఇక్కడ ఎంత ముదురైతే అంచు అనాలో చెప్పే గడప విలువలను పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడం వృథా. రెండూ నలుపే అయినప్పుడు వెలుగు తేడా మీద ఆధారపడిన ఏ పద్ధతీ వాటిని వేరు చేయదు. జోడు మాత్రం గట్టి వస్తువు, తలతోపాటు కదులుతుంది తప్ప ఆకారం మార్చుకోదు. కాబట్టి పై అంచుకు ఒక వంపును ఫ్రేములో చేత్తో గీసి, జోడు మూలలను ట్రాక్ చేసి, షాట్ పొడవునా దాన్నే నడిపించాం. తల బాగా పక్కకు తిరిగిన చోట మరో ఆకారం గీసి రెండింటి మధ్య కలిపాం. పార్సింగ్ ఉంది కదా అని ఇలా చేత్తో ఆకారాలు గీసే రోటోను చిన్నచూపు చూడనవసరం లేదు. గట్టి వస్తువులకు అది ఇప్పటికీ చౌకైన దారే.

కళ్లజోడు కాడలదీ అదే కథ. ముఖం ఎదురుగా ఉన్నంతసేపు కాడలు కనిపించవు. తల తిరగగానే అంచు నుంచి చెవి దాకా నల్లని గీత చెంప పక్కగా వెళుతుంది. పార్సర్ దాన్ని సగం జోడుగా, సగం చర్మంగా, జుట్టు దగ్గర జుట్టుగా చెప్పింది. చర్మమని చెప్పిన చోట మార్చిన ముఖం వచ్చి కాడను తుడిచేసింది. చెవి దగ్గర మొదలై గాలిలో ఆగిపోయిన కాడ తెర మీద నవ్వు తెప్పిస్తుంది. దాన్ని కూడా గీసిన ఆకారంలోనే కలిపాం.

అద్దం మీది మెరుపులను తిరిగి చేర్చడం మిగిలింది. మెట్ల కిటికీ వెలుగు అద్దం మీద పడిన ఫ్రేములలో ఆ మెరుపు మార్చిన ముఖం కింద మాయమై, అద్దం లేని జోడులా కనిపించింది. అసలు ఫ్రేములో జోడు మచ్చ లోపల చర్మపు వెలుగును మించిన భాగాన్ని మాత్రమే తీసి మార్చిన ముఖం మీద కలిపితే సరిపోయింది. ఇందులో మాకు కలిసొచ్చినది ఒకటుంది. షూటింగ్‌లో వాడినది పవర్ లేని జోడు. మైనస్ పవర్ అద్దమైతే దాని గుండా కనిపించే చెంప అంచు లోపలికి జరిగి కనిపిస్తుంది. ఆ వంకరను మార్చిన ముఖం సరిగా అనుకరించదు, మాస్క్ ఎంత చక్కగా ఉన్నా అద్దం అంచు దగ్గర ముఖం తెగినట్టే ఉంటుంది. జోడు ఎంపికలో మాట చెల్లే అవకాశముంటే షూటింగ్‌కు ముందే సాదా అద్దం అడగాలి.

ముంగురులూ చెవులూ

జుట్టు విషయంలో పార్సర్ పెద్ద కుచ్చులను బాగా పట్టుకుంది. విడిగా పడిన ఒక్కొక్క వెంట్రుకను పట్టుకోలేదు. అసలు ఫ్రేములో వెంట్రుక ఒకటి రెండు పిక్సెళ్లు. శిక్షణ మాస్కులు గీసినవాళ్లు అంత సన్నని గీతలు గీయలేదు కాబట్టి నెట్‌వర్క్ కూడా వాటిని చర్మంగానే చెబుతుంది. మాస్క్‌ను ఎంత పదును చేసినా అందులో లేని వెంట్రుక రాదు.

దీనికి మాస్క్‌ను కాకుండా చిత్రాన్నే ఆధారం చేసుకున్నాం. అసలు నుదుటిని పదిహేను పిక్సెళ్ల మీడియన్‌తో నునుపు చేస్తే సన్నని వెంట్రుకలు మాయమై చర్మపు వెలుగు మాత్రం మిగులుతుంది. అసలు చిత్రాన్ని ఈ నునుపు చిత్రంతో భాగిస్తే, చర్మమున్న చోట ఒకటి, వెంట్రుక ఉన్న చోట ఒకటి కన్నా తక్కువ వస్తుంది. ఒకటిని మించినవాటిని ఒకటికే కుదించి, ఆ నిష్పత్తితో మార్చిన నుదుటిని గుణిస్తే నటుడి నుదుటి మీద డూప్ వెంట్రుకలు అవే చోట్ల వస్తాయి. దీన్ని జుట్టు అంచుకు దగ్గరగా ఉన్న నుదుటి భాగానికే పరిమితం చేయాలి. కళ్ల దాకా వదిలితే డూప్ నుదుటి ముడతలూ కనుబొమలూ కూడా దిగి వచ్చేస్తాయి. నల్లజుట్టుకు ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. నెరిసిన జుట్టుకు నిష్పత్తి తిరగబడుతుంది, చెమట మెరుపుతో కలిసిపోతుంది, అక్కడ దీన్ని వాడకపోవడమే మేలు.

చెవులను తీసేయడం సులువు, పార్సర్ వాటిని బాగా గుర్తిస్తుంది. కుడి ఎడమలు తారుమారైనా మనకు పట్టింపు లేదు, రెండూ తీసివేతలోనే ఉన్నాయి. చిక్కంతా చెవి ముందు భాగంలో ఉంది. ఆ లేబుళ్లలో గడ్డానికి చోటు లేదు. గడ్డం, మీసం చర్మంగా లెక్కకొస్తాయి, చెవి ముందు నుంచి దిగే జుట్టు మాత్రం జుట్టే. మన డూప్‌కు ట్రిమ్ చేసిన గడ్డం ఉంది, చెవి ముందు జుట్టు నేరుగా గడ్డంలో కలిసిపోతుంది. వాటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి పార్సర్ ఒక ఫ్రేములో చెవితమ్మె ఎత్తులో గీస్తే, తర్వాతి ఫ్రేములో రెండు వేళ్ల కింద గీసింది. నటుడి గడ్డం, డూప్ గడ్డం రంగులో కొద్దిగా తేడా ఉండడంతో ఆ చోటు దీపంలా మిణుకుమంది. చెవితమ్మె నుంచి నోటి మూలకు ఒక గీత ఊహించుకుని, దానికి పైన పార్సర్ మాట, కింద అంతా ముఖమే అని నిర్ణయించి దాన్ని కుదురు చేశాం. ఈ గీతకు శాస్త్రీయ ఆధారమేమీ లేదు. ప్రతి ఫ్రేములో ఒకే చోట ఉంటుందన్నదే దాని గుణం.

చెవి డూప్‌ది, దాని పక్క చెంప నటుడిది అయినప్పుడు రంగు కలవకపోతే చెవి అతికించినట్టు కనిపిస్తుంది. రంగు కలపడానికి సగటునూ వ్యాప్తినీ రెండు ముఖాల నుంచి లెక్కించేటప్పుడు కూడా ఇదే మాస్క్ వాడాలి. చతురస్రం మొత్తం మీద లెక్కిస్తే ముంగురులూ జోడూ సగటును కిందికి లాగి ముఖం నల్లబడుతుంది. చర్మం, ముక్కు లేబుళ్ల మధ్యభాగం నుంచి మాత్రమే లెక్కించాక చెంప రంగు చెవి దగ్గరకు వచ్చింది.

అంచులను ఎంత మెత్తన చేయాలి

మాస్క్ అంతటికీ ఒకే ఫెదర్ పెట్టడం వల్ల పాడైన కంపోజిట్లు నేను చూసినవాటిలో ఎక్కువ. దవడ, చెంప దగ్గర చర్మం నుంచి చర్మంలోకి మారుతున్నాం కాబట్టి వెడల్పుగా, నిదానంగా మారాలి. జోడు అంచు దగ్గర ఒక వస్తువు మరొకదాన్ని కప్పుతోంది కాబట్టి అంచు దాదాపు పదునుగా ఉండాలి. ఈ రెండింటికీ సగటు పెడితే దవడ దగ్గర గీత, జోడు చుట్టూ మసక వలయం, రెండూ వస్తాయి. మొదట్లో వేరు చేసుకున్న రెండు ప్రశ్నలు ఇక్కడ అక్కరకొచ్చాయి. ముఖం ముగిసే చోటుకు ఒక మాస్క్, అడ్డుగా ఉన్నవాటికి మరొకటి, దేని ఫెదర్ దానిది, చివర్లో గుణకారం. కింద `rim` అంటే జోడు అంచుకూ కాడలకూ చేసిన మాస్క్, `alpha` అంటే చివరి మాస్క్.

```python
alpha = outer * (1 - block) * (1 - rim)
```

`outer` ను `face`, `glass` రెండింటినీ కలిపి, ముంగురులు చేసిన సన్నని చీలికలను పూడ్చి, లోపలికి పన్నెండు పిక్సెళ్లు కోసి, ఆ తర్వాత మెత్తన చేశాం. కోయకుండా మెత్తన చేస్తే గాసియన్ మసక బయటికి కూడా పాకుతుంది, జుట్టు మీద చర్మపు రంగు పొగలా పడుతుంది. `outer` ముఖమార్పిడి ముక్క చతురస్రం లోపలే ఉండేలా కూడా చూసుకోవాలి. లేకపోతే తల వంచిన ఫ్రేములలో నుదుటి మీద అడ్డంగా తిన్నని గీత కనిపిస్తుంది. `block` కు రెండు పిక్సెళ్లు, `rim` కు ఒక పిక్సెల్ మెత్తదనం చాలింది.

ఫ్రేముల మధ్య మిణుకు తగ్గించడానికి పక్క ఫ్రేముల సంభావ్యతలను కలుపుకోవడం తేలిక. ముక్కలన్నింటిలో కళ్లూ ముక్కూ ఒకే చోట ఉంటాయి కాబట్టి పిక్సెళ్ల కదలికను లెక్కించే ఆప్టికల్ ఫ్లో అవసరం కూడా లేదు. ముందు ఫ్రేము, ఇప్పటిది, తర్వాతిది 1:2:1 బరువులతో కలిపాం. ముక్కను కోయడానికి ఆధారమైన ఐదు ముఖబిందువులను ముందే కాలక్రమంలో నునుపు చేయాలి, అవి వణికితే ముక్కే వణుకుతుంది, అప్పుడు సగటు అంచును మసక చేస్తుందే తప్ప కుదురు చేయదు. జుట్టుకు మాత్రం ఈ సగటు వాడలేదు. గాలికి కదిలే ముంగురు ముందు ఫ్రేములో ఉన్న చోట నీడ వదిలి వెళుతుంది.

తనిఖీ, చేయి అడ్డొచ్చిన ఫ్రేములు

144 ఫ్రేములనూ ఒక్కొక్కటే కళ్లతో చూడడం కన్నా, పక్కపక్క ఫ్రేముల మాస్కులు ముక్కలో ఎంతవరకు కలుస్తున్నాయో లెక్కించి, తక్కువ కలిసినవాటిని ముందుకు తెచ్చుకుని చూడడం మంచిది. ఉమ్మడి వైశాల్యాన్ని మొత్తం వైశాల్యంతో భాగిస్తే చాలు. ముఖం సజావుగా కదులుతున్నప్పుడు ఈ విలువ ఒకటికి దగ్గరగా నిలకడగా ఉంటుంది, పార్సర్ తడబడిన చోట ఒక్కసారిగా పడిపోతుంది. ఇలా పైకి తేలినవి ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి: తల తిరిగిన మలుపు, చివరి చెమట తుడుపు. ఈ లెక్క పట్టుకోలేనివీ ఉన్నాయి. అన్ని ఫ్రేములలోనూ ఒకేలా తప్పిన అంచు నిలకడగానే ఉంటుంది కదా. డూప్ కళ్లు మిగిలిపోవడం అలాంటిదే. అందుకే ప్రతి పదిహేను ఫ్రేములకొకటి తీసి మాస్క్‌ను ఎర్రగా అసలు చిత్రం మీద పరచి చూశాం, ఆ తర్వాత పూర్తి వేగంతో నడిపించి చూశాం.

చెమట తుడుచుకునే చోట పార్సర్ చేతులెత్తేసింది. 19 లేబుళ్లలో చేయి లేదు. నుదుటి మీదికొచ్చిన చేతిని అది ఎక్కువగా చర్మమంది, కొన్ని ఫ్రేములలో వేళ్ల సందులను జుట్టంది. చర్మమన్న చోట నటుడి నుదురు చేతి మీద పరుచుకుంది, వేళ్లు నుదుట్లో కరిగిపోయినట్టయింది. ముఖమార్పిడి మోడల్ కూడా అడ్డొచ్చిన చేతిని చూసి కళ్లను పక్కకు జరిపింది కాబట్టి అక్కడ మాస్క్ ఒక్కటే సరిచేసినా చాలదు. చేయి ముఖాన్ని తాకిన క్షణం నుంచి వదిలేదాకా చేతి ఆకారాన్ని వేళ్లతో సహా రోటో చేసి `block` లో కలిపాం. మణికట్టు కళ్లను పూర్తిగా కప్పిన కొద్ది ఫ్రేములలో మార్పిడిని ఆపేసి డూప్ ముఖాన్నే ఉంచాం. కళ్లు కనిపించని ఆ కాసేపు మనిషి మారిన సంగతి తెలియడానికి అక్కడ గుర్తులేమీ లేవు. మార్పిడిని ఆపే, మళ్లీ మొదలుపెట్టే చోట్ల మూడేసి ఫ్రేముల్లో ఆల్ఫాను నిదానంగా తగ్గించి పెంచాం.

పూర్తయిన షాట్‌తోపాటు `outer`, `block`, `rim` మూడింటినీ ఈఎక్స్‌ఆర్ ఫైలులో విడివిడి చానెళ్లుగా ఇచ్చాం. రంగులు దిద్దేవారు చెంప వెలుగును మార్చాలనుకుంటే జోడును తాకకుండా మార్చుకునే వీలు వాళ్లకు అలా దొరికింది. 128 పిక్సెళ్ల నుంచి పెరిగిన నటుడి ముఖం చుట్టూ ఉన్న చిత్రం కన్నా మెత్తగా, సన్నని రేణువుల్లాంటి గ్రెయిన్ లేకుండా ఉండడంతో, అదే ఆల్ఫా లోపల షాట్‌లోని గ్రెయిన్‌ను తిరిగి వేయడం చివరి పని.